చిన్న గదిలో ఆట: ఎవరు ఎప్పుడు కదలాలి, ఎక్కడ ఆగాలి

మైదానం దొరకని రోజున ఆటల పీరియడ్ తరగతి గదిలోకి వస్తుంది. అప్పుడు రెండు మాటలు వినిపిస్తాయి. ఇంత ఇరుకులో పరుగులేమిటి, దెబ్బలు తగులుతాయి అని ఒకరంటారు. కదలకుండా కూర్చోబెడితే అది ఆటల పీరియడ్ ఎలా అవుతుంది అని ఇంకొకరంటారు. రెండూ నిజమే. అందుకే చాలా చోట్ల మధ్యేమార్గంగా పిల్లల్ని వరుసలో నిలబెట్టి ఒక్కొక్కరినే పంపుతారు. ఆట జరిగినట్టే ఉంటుంది, క్రమశిక్షణా ఉన్నట్టే ఉంటుంది. గడియారం పెట్టి చూస్తే మాత్రం ఎక్కువ మంది ఎక్కువ సేపు చేసింది నిలబడటమే. దెబ్బలైనా తగ్గాయా అంటే, అవి తగిలేది కూడా ఎక్కువగా ఆ వరుస దగ్గరే: తిరిగొచ్చేవాడు, బయల్దేరేవాడు ఎదురుపడే గీత దగ్గర.

ఈ చిక్కును విప్పడానికి ఒకే ఆటను, అందరికీ తెలిసిన రిలేను, ఒకే గదిలో పెట్టి కొలతలతో చూద్దాం. ఆ తర్వాత మన నాలుగు స్తంభాలాటకు అవే లెక్కలు వేస్తే ఏం బయటపడుతుందో చూడవచ్చు.

## గదిని ముందు కొలవాలి, ఆటను తర్వాత ఎంచుకోవాలి

గది 9 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు అనుకుందాం. పిల్లలు 24 మంది, వయసు పదేళ్ల దగ్గర. బెంచీలన్నీ ఒక పొడవాటి గోడ వైపు జరిపితే అవి రెండు మీటర్ల మేర తినేస్తాయి. మిగిలింది 9 మీటర్లు, 5 మీటర్లు. అంటే 45 చదరపు మీటర్లు, మనిషికి రెండు చదరపు మీటర్ల లోపు.

పదేళ్ల పిల్లవాడు చేతులు బార్లా చాపితే ఒక కొన నుంచి ఇంకో కొనకు దాదాపు అతని ఎత్తంత ఉంటుంది, సుమారు 1.4 మీటర్లు. అలా చాపి, ఉన్నచోటనే తిరగడానికి దాదాపు రెండు చదరపు మీటర్లు కావాలి. మన గదిలో గోడ అంచులు కూడా వదలకుండా వాడినా 22 మందికి మించి పట్టరు. కాబట్టి 24 మందీ ఒకేసారి చేతులు చాపే వ్యాయామం ఈ గదిలో కుదరదు. చేతులు ముందుకో పైకో మాత్రమే లేపుతూ, మోకాళ్లు ఎత్తుతూ ఉన్నచోటనే నడిచే పనికి మాత్రం ఒక్కొక్కరికి భుజాల వెడల్పు, దాని మీద కొంచెం చాలు. ఇదే గదిలో అది హాయిగా సాగుతుంది. ఇరుకు అన్నది గదిని బట్టి మాత్రమే కాదు, కదలికను బట్టి కూడా మారుతుంది.

అందుకే కదలికల్ని రెండు రకాలుగా విడదీసుకోవడం మేలు. ఒకటి ఉన్నచోటి కదలిక: గుంజీ, మోకాలెత్తి నడక, ఒంటికాలి మీద నిలబడటం. రెండోది చోటు మారే కదలిక: నడక, పరుగు, కుంటడం, పాకడం. మొదటి రకంలో అందరూ ఒకేసారి కదలవచ్చు, వంతులతో పని లేదు. వంతు అవసరమయ్యేది రెండో దానికే. ఈ తేడా గమనించకపోవడం వల్లనే, ఒకరు పరుగెత్తుతుంటే మిగతా ఇరవై ముగ్గురూ ఊరికే నిలబడాల్సి వస్తుంది.

## గోడను గమ్యం చేస్తే ఏమవుతుంది

"అవతలి గోడ ముట్టుకుని రా" అన్నది రిలేలో అందరికీ సులువుగా నోటికొచ్చే ఆజ్ఞ. చిన్న గదిలో ఇంతకంటే చెడ్డ ఆజ్ఞ ఉండదు. ఆగడం అన్నది ఒక్క క్షణంలో అయ్యే పని కాదు. ఆగాలని తెలిసేసరికి కొంత సమయం పోతుంది, ఆ సమయంలో ఒళ్లు అదే వేగంతో ముందుకే వెళ్తుంది. ఆ తర్వాత కాళ్లు నేలను పట్టి వేగం తగ్గించడానికి ఇంకొంత దూరం పడుతుంది.

ఉజ్జాయింపుగా లెక్కేద్దాం. గదిలో ఉత్సాహంగా పరుగెత్తే పిల్లవాడి వేగం సెకనుకు 3.5 మీటర్లు అనుకోండి. స్పందించడానికి 0.4 సెకన్లు పడితే ఆ లోపే 1.4 మీటర్లు దాటిపోతాడు. మామూలు నేల మీద వేగం తగ్గించుకుంటూ పూర్తిగా ఆగడానికి మరో రెండు మీటర్లు. మొత్తం దాదాపు మూడున్నర మీటర్లు. అదే పిల్లవాడు సెకనుకు 1.5 మీటర్ల చురుకైన నడకలో ఉంటే స్పందించే లోపు 0.6 మీటరు, ఆగడానికి ఇంకో 0.4 మీటరు, మొత్తం ఒక్క మీటరు. వేగం రెట్టింపు కంటే కాస్త ఎక్కువైతే, ఆగే దూరం మూడు రెట్లు దాటింది.

కాబట్టి మన తొమ్మిది మీటర్ల పొడవును మూడు ముక్కలు చేయాలి. మొదటి రెండు మీటర్లు వంతు కోసం నిలబడే చోటు. తర్వాత ఐదు మీటర్లు దారి. చివరి రెండు మీటర్లు ఎవరూ అడుగుపెట్టని ఖాళీ. తిరిగే గుర్తు ఆ ఐదో మీటరు దగ్గర నేల మీద ఉంటుంది. గోడకూ దానికీ మధ్య రెండు మీటర్లుంది కనుక, నడిచేవాడు అదుపు తప్పి ముందుకెళ్లినా గోడ అందదు. పరుగెత్తేవాడికి మాత్రం ఆ ఖాళీ చాలదు. ఈ గదిలో పరుగు వద్దని చెప్పడానికి కారణం భయం కాదు, ఈ మీటరున్నర లోటు.

ఈ లెక్కంతా నేల కాలిని పట్టుకుంటుందన్న నమ్మకం మీద నిలబడింది. నున్నటి గచ్చు మీద మేజోళ్లతో కదిలితే పట్టు బాగా తగ్గుతుంది, ఆగే దూరం అంతకంత పెరుగుతుంది. నేలకు పట్టు ఉన్న బూట్లు, లేదా ఒట్టి కాళ్లు నయం. మేజోళ్లు ఒక్కటే పనికిరావు. సుద్దపొడి, తడి కూడా ఇదే పని చేస్తాయి, కనుక ఆటకు ముందు నేల తుడిచి ఆరనివ్వాలి. తిరిగే గుర్తుగా కాగితం పెడితే జారుతుంది, సీసా పెడితే దొర్లి కాలికింద పడుతుంది, కుర్చీ పెడితే దాని అంచు తగులుతుంది. సుద్దతో గీసిన గుండ్రం గానీ నేలకు అంటించిన టేపు గానీ చాలు. గీత చెరిగితే మళ్లీ గీసుకోవచ్చు.

## "మెల్లగా వెళ్లండి" ఎందుకు నియమం కాదు

నియమం స్పష్టంగా ఉందో లేదో తేల్చడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. పక్కన నిలబడ్డ మూడో మనిషి చూసి, ఇది తప్పిందో లేదో వెంటనే చెప్పగలగాలి. "మెల్లగా", "జాగ్రత్తగా", "తోసుకోకుండా" అన్నవి ఈ పరీక్షలో నిలవవు. ఒకరికి మెల్లగా ఉన్నది ఇంకొకరికి వేగం.

పోటీ నడకలో ఈ చిక్కు ఎప్పుడో తీర్చారు. అక్కడి నియమం ఎంత వేగంగా నడవాలో చెప్పదు. చూసేవాడి కంటికి కనిపించేలా రెండు పాదాలూ ఒకేసారి గాల్లోకి లేవకూడదని చెబుతుంది. ముందుకేసిన కాలు నేల తాకినప్పటి నుంచి మోకాలు నిటారుగా ఉండాలని కూడా అక్కడ ఉంది గానీ, పిల్లల ఆటకు ఆ రెండోది అవసరం లేదు. "ఒక పాదం ఎప్పుడూ నేల మీదే" అన్నది చాలు. ఇది కంటికి కనబడుతుంది, పదేళ్ల పిల్లలే ఒకరినొకరు పట్టుకోగలరు. వేగం దానంతటదే అదుపులోకి వస్తుంది.

తప్పితే ఏం చేయాలన్నది కూడా నియమంలో భాగమే. "అవుట్" అంటే ఆ పిల్లవాడు కదలడం మానేస్తాడు. "గీత దగ్గరికి వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టు" అంటే కాస్త సమయం నష్టపోతాడు గానీ కదులుతూనే ఉంటాడు. అయితే వెనక్కి వెళ్లేవాడు దారిలో ఇంకొకరికి ఎదురు పడకూడదు. ఒక దారిలో ఒక్కరే కదిలే రిలేలో ఆ చిక్కు రాదు.

ఇక్కడ చాలామంది మరిచిపోయే విషయం ఒకటుంది. నియమం ఒకటి చెప్పి, గెలుపు ఇంకొకటి కోరితే పిల్లలు గెలుపు మాటే వింటారు. "పరుగెత్తకూడదు, కానీ ముందు ముగించిన జట్టు గెలిచినట్టు" అంటే రెండో నిమిషానికే అందరూ పరుగెత్తుతారు. అది అల్లరి కాదు, ఆట వాళ్లనలా అడిగింది. గెలుపును వేగం మీద నుంచి ఇంకోదాని మీదకు మార్చాలి. తల మీద చిన్న సంచి పెట్టుకుని పడకుండా ఎన్ని చుట్లు వేశారన్నది లెక్కపెట్టవచ్చు. ముందుగా ఒక సమయం చెప్పుకుని, దానికి అతి దగ్గరగా ముగించిన జట్టును గెలిచినట్టు అనుకోవచ్చు.

## వంతు చేతులు మారే క్షణం

పెద్ద పోటీల్లో నలుగురు తలా వంద మీటర్లు పరుగెత్తే రిలేలో కర్ర ఇచ్చేవాడు, తీసుకునేవాడు ఇద్దరూ ఒకే దిక్కుకు పరుగెడతారు. దానికోసం 30 మీటర్ల నిడివి కేటాయిస్తారు. గదిలో జరిగే రిలే పేరుకే రిలే. ఇక్కడ వచ్చేవాడు, వెళ్లేవాడు ఎదురెదురుగా ఉంటారు. ఇద్దరూ సెకనుకు 1.5 మీటర్లతో వస్తే వాళ్ల మధ్య దూరం సెకనుకు మూడు మీటర్ల చొప్పున తరుగుతుంది. చేతిలో చేయి కొట్టి వంతు ఇవ్వాలంటే ఇద్దరూ ఒకే బిందువు మీదకు రావాలి. పైగా వెళ్లేవాడు ఆత్రంతో గీత దాటి ముందుకొస్తాడు. తలకు తల తగిలేది ఇక్కడే.

దీనికి విరుగుడు ఆ ఇద్దరినీ కలవనివ్వకపోవడమే. గీతకు కాస్త లోపల, దారి ఎడమ అంచున, నేల మీద చిన్న గుండ్రం గీయండి. వచ్చేవాడు చేతిలోని సంచిని అందులో పెడతాడు, విసరడు. పెట్టి, ఎడమ పక్కగా వరుస చివరికి వెళ్లిపోతాడు. సంచి గుండ్రంలో కదలకుండా ఉన్నాక, దాన్ని తెచ్చిన చేయి వదిలేశాక, తర్వాతివాడి కాలు గీత దాటవచ్చు. వంతు మనిషి నుంచి మనిషికి కాకుండా వస్తువు ద్వారా మారుతుంది. ఇద్దరి మధ్యా ఎప్పుడూ ఒక అడుగు, ఒక క్షణం ఎడం ఉంటుంది.

సంచి అంటే గింజలు నింపి కుట్టిన అరచేయంత గుడ్డ సంచి. బంతి వద్దు, గుండ్రంలో నిలవదు. దొర్లిన బంతి వెనక పిల్లలు వంగి పరుగెడతారు. వంగిన తల పక్క దారిలో నడిచేవాడి మోకాలి ఎత్తులో ఉంటుంది.

ఖో-ఖో ఆడినవారికి ఈ ఆలోచన కొత్తగా అనిపించదు. అక్కడ తరిమేవాడు కూర్చున్నవాడిని వెనకనుంచి తట్టి "ఖో" అని పైకి అంటేనే వంతు మారుతుంది. స్పర్శ, మాట రెండూ ఉండాలి. వంతు ఎప్పుడు మారిందన్న దానిమీద తగవు రాకుండా ఆ ఆట రెండు తాళాలు వేసుకుంది. గదిలో ఆ రెండో తాళం కావాలంటే, సంచి పెట్టేవాడు తర్వాతివాడి పేరు పిలవాలని పెట్టుకోవచ్చు.

## అదే గది, అదే పది నిమిషాలు: రెండు రకాల లెక్కలు

ఇప్పుడు అసలు లెక్క. ఒక్కో దారికి 90 సెంటీమీటర్ల వెడల్పు ఇస్తే నాలుగు దారులకు 3.6 మీటర్లు. ఐదు మీటర్ల వెడల్పులో ఇంకో 1.4 మీటర్ల పట్టీ ఒక పక్కన మిగులుతుంది. ఐదు మీటర్లు వెళ్లి ఐదు మీటర్లు రావడానికి చురుకైన నడకలో ఏడు సెకన్ల లోపు. తిరగడం, సంచి పెట్టడం కలుపుకుని వంతుకు పది సెకన్లు.

మామూలు పద్ధతిలో 24 మందిని నాలుగు వరుసలు చేస్తారు, వరుసకు ఆరుగురు. వంతు తిరిగి రావడానికి 60 సెకన్లు. పది నిమిషాల్లో ఒక్కొక్కరికి పది వంతులు, అంటే 100 సెకన్ల కదలిక. మిగిలిన 500 సెకన్లు నిలబడటమే. ఆరుగురు వరుసలో నిలబడితే రెండు మీటర్ల చోటులో ఒకరి మీద ఒకరు పడతారు కూడా. తోపులాట మొదలయ్యేది అక్కడ. దాన్ని క్రమశిక్షణ సమస్య అనుకుంటారు గానీ, నిజానికి అది కొలతల సమస్య.

ఇప్పుడు అదే 24 మందిని రెండు సగాలు చేద్దాం. పన్నెండు మంది నాలుగు దారుల్లో, దారికి ముగ్గురు. మిగతా పన్నెండు మంది పక్క పట్టీలో ఒకే వరుసగా, ఒక్కొక్కరికి 75 సెంటీమీటర్ల ఎడంతో. వీళ్లు ఉన్నచోటి కదలిక చేస్తారు: 20 సెకన్లు మోకాలెత్తి నడక, పది సెకన్లు విరామం, మళ్లీ 20 సెకన్లు గుంజీలు, అలా. ఐదు నిమిషాలకు రెండు సగాలూ చోట్లు మార్చుకుంటాయి.

రిలేలో ఇప్పుడు వంతు 30 సెకన్లకే తిరిగి వస్తుంది. ఐదు నిమిషాల్లో పది వంతులు, అంటే మునుపటిలాగే 100 సెకన్లు. ఎవరికీ ఒక్క వంతు తగ్గలేదు. పట్టీలో గడిపిన ఐదు నిమిషాల్లో ఒక్కొక్కరికి 200 సెకన్ల కదలిక. రెండూ కలిపితే 300 సెకన్లు, పది నిమిషాల్లో సగం. చోట్లు మార్చుకోవడానికి అర నిమిషం పోతుంది కనుక నిజంలో ఇంకాస్త తక్కువ. అమెరికాలోని వ్యాధి నియంత్రణ కేంద్రం వ్యాయామ పీరియడ్‌లో కనీసం సగం సేపు పిల్లలు ఓ మోస్తరు నుంచి గట్టి శ్రమలో ఉండాలని సూచిస్తుంది. మొదటి పద్ధతి దాని దరిదాపుల్లోకి రాదు. రెండోది దగ్గరికి వస్తుంది, అదీ గది పెంచకుండా, వేగం పెంచకుండా. అయితే కదిలిన ప్రతి సెకనూ ఆ స్థాయి శ్రమ కాదు. సంచి పెట్టే సెకను శ్రమ కింద రాదు. పట్టీలో చేయించేది సుతిమెత్తగా ఉంటే సగం సేపు కదిలినా ఊపిరి వేగం పెరగదు.

మరి దారులు ఇంకా పెంచి, దారికి ఇద్దరినే పెట్టకూడదా? ఆరు దారులకు 5.4 మీటర్లు కావాలి, మనకున్నది ఐదే. దారులు సన్నబరిస్తే తిరిగే గుర్తుల దగ్గర మోచేతులు తగులుతాయి. చక్రాల కుర్చీ వాడే పిల్లలుంటే దారి వెడల్పు ఇంకా పెరగాలి. నేరుగా వెళ్లడానికి 90 సెంటీమీటర్లు చాలినా, కుర్చీ వెనక్కి తిరగడానికి దాదాపు మీటరున్నర గుండ్రం కావాలి. అప్పుడు పట్టీకి ఆనుకున్న చివరి దారిని వాళ్లకిచ్చి, గుర్తు దగ్గర ఆ మేర పట్టీని ఖాళీగా వదలాలి. పట్టీలోని పిల్లలు కాస్త దగ్గరికి జరగాల్సి వస్తుంది, కనుక అక్కడ చేతులు పక్కకు లేపే వ్యాయామం పెట్టకూడదు.

## "అవుట్" ఉండాలా వద్దా

ఆటల పీరియడ్ గురించి ఎడతెగని వాదం ఇది. 1992లో నీల్ విలియమ్స్ అనే అమెరికన్ వ్యాయామ విద్యా నిపుణుడు బడుల్లో ఆడించకూడని ఆటల జాబితా ఒకటి ప్రచురించాడు. కుర్చీలాట, పిల్లల్ని బంతితో కొట్టే డాడ్జ్‌బాల్, రిలేలు కూడా అందులో ఉన్నాయి. ఆయన ప్రధాన అభ్యంతరాల్లో ఒకటి, ఎక్కువ మంది ఎక్కువ సేపు ఖాళీగా ఉండటం. మరొకటి, ఆటలోంచి ముందే బయటికి పోవడం, అందరిముందూ చిన్నబోవడం.

కుర్చీలాట లెక్క ఈ మాటను సమర్థిస్తుంది. పన్నెండు మందితో మొదలైతే పదకొండు విడతలు. మొదట అవుట్ అయినవాడు ఒక్క విడతే ఆడతాడు, చివరి ఇద్దరు పదకొండూ ఆడతారు. అందరివీ కూడితే 132కి 77 మాత్రమే, అరవై శాతం లోపు. ముందు అవుటయ్యేది చాలాసార్లు నెమ్మదిగా కదిలేవాళ్లే. అంటే కదలిక ఎవరికి ఎక్కువ కావాలో వాళ్లకే తక్కువ దక్కుతుంది.

అవతలి పక్షం చెప్పేది కూడా తీసివేయదగ్గది కాదు. అవుట్ ఉంటేనే నియమానికి విలువ ఉంటుందని, ఓడటం కూడా నేర్చుకోవలసిందేనని, అందరూ ఎప్పటికీ ఆడుతూనే ఉంటే ఆటకు ముగింపు లేక విసుగొస్తుందని వాళ్లంటారు. చిన్న గదికి సంబంధించిన వాదన ఇంకొకటుంది: అవుట్ అయ్యేకొద్దీ కదిలేవాళ్లు తగ్గి, గది దానంతటదే విశాలమవుతుంది. ఇది నిజం. కానీ అవుట్ అయినవాళ్లు ఎక్కడికి పోతారు? గోడ వారకి, అంటే మనం ఖాళీగా ఉంచుకోవాలనుకున్న చోటికే. ఆగే దూరం కోసం వదిలిన జాగాలో ఇప్పుడు పిల్లలు కూర్చుంటారు, కాళ్లు చాపుకుని.

ఇద్దరి మాటా నిలిచే దారి, అవుట్‌ను ఒక మజిలీగా మార్చడం. అవుట్ అయినవాడు పక్క పట్టీలోకి వెళ్లి పది గుంజీలు తీసి మళ్లీ ఆటలోకి వస్తాడు. ఓటమి ఉంది, దానికి ఖరీదూ ఉంది, ఖాళీగా కూర్చోవడం లేదు. లేదంటే ఒక్కో ఆట నిమిషం లోపు ముగిసేలా చూసుకుంటే అవుట్ ఉన్నా పెద్ద నష్టం లేదు. నష్టమంతా పది నిమిషాలు సాగే ఆటలో మొదటి నిమిషంలోనే బయటికి పోయినవాడిది.

## నాలుగు స్తంభాలాటను గదిలో పెడితే

నాలుగు మూలల్లో నలుగురు, మధ్యలో దొంగ. మూలలవాళ్లు చోట్లు మార్చుకుంటుంటే ఖాళీ అయిన మూలను దొంగ పట్టుకోవాలి. చూడటానికి చిన్న గది కోసమే పుట్టినట్టుంటుంది. మామూలుగా ఆడే తీరులో మాత్రం మనం ఇంతవరకు చూసిన తప్పులన్నీ ఉన్నాయి. మార్చుకునే ఇద్దరూ ఎదురెదురుగా వస్తారు. ఒకే మూలకు ఇద్దరు గురిపెడతారు. ఆ మూల నిజంగానే స్తంభమో గోడో అయి ఉంటుంది.

మార్పులు ఇలా. మూలల బదులు మూడు మీటర్ల చదరం నాలుగు కొసల్లో అర మీటరు గుండ్రాలు గీయాలి, అన్ని వైపులా గోడకు కనీసం మీటరు దూరంలో. ఆరో పిల్లవాడు చదరం బయట నిలబడి "మారు" అంటాడు. ఆ మాటకు నలుగురూ ఒకేసారి, గడియారం ముల్లు తిరిగే వైపుకు మాత్రమే, పక్క గుండ్రానికి నడుస్తారు. ఇలా అయితే ఆ నలుగురిలో ఎవరూ ఎవరికీ ఎదురు పడరు.

ఇక్కడ ఒక లెక్క బెడిసికొడుతుంది. పక్క గుండ్రం మూడు మీటర్లు, మధ్యలో ఉన్న దొంగకు ఏ గుండ్రమైనా 2.1 మీటర్లే. ఒకే వేగంతో నడిస్తే దొంగకు 1.4 సెకన్లు, వాళ్లకు రెండు సెకన్లు. ప్రతిసారీ దొంగే గెలుస్తాడు, రెండు నిమిషాల్లో ఆటలో పస పోతుంది. కాబట్టి దొంగకు కాస్త ఆలస్యం కల్పించాలి. "మారు" అన్నాక రెండు మోకాళ్లూ ముట్టుకుని బయల్దేరాలంటే అర సెకనుకు పైగా పోతుంది, ఇద్దరూ సమానమవుతారు. ఇంకా సులువుగా ఉందంటే పూర్తి గుంజీ తీయించండి. అప్పుడు మూలవాళ్లలో ఎవరైనా ఏమరుపాటుగా ఉంటేనే దొంగకు అవకాశం.

సమానమయ్యాక వచ్చేది ఒకే గుండ్రం దగ్గర ఇద్దరి తగవు. నియమాలు స్పష్టంగా ఉన్నాయా అన్నది తేలేది ఇక్కడే. గుండ్రంలో ముందు పాదం పెట్టినవాడిదే చోటు. ఇద్దరూ ఒకేసారి పెడితే చోటు మూలవాడిది, దొంగది కాదు. చేయి గానీ భుజం గానీ తగిలించి చోటు తీసుకుంటే అది చెల్లదు, తగిలించినవాడే దొంగ. ఎవరు తగిలించారో తేలకపోతే పాత దొంగే దొంగ. తీర్పు "మారు" అన్నవాడిది. ఈ మాటలన్నీ ఆట మొదలవక ముందే చెప్పాలి. తగవు వచ్చాక చెబితే ఓడినవాడికి అది పక్షపాతంగానే వినిపిస్తుంది. వంతుల్ని కూడా గెలుపోటములకు వదిలేయకుండా, ఆరు పిలుపులకు ఒకసారి పిలిచేవాడు, దొంగ, ఒక మూలవాడు స్థానాలు మార్చుకోవాలి. లేకపోతే ఒకే పిల్లవాడు పీరియడంతా దొంగగా మిగిలిపోతాడు.

దీనికి హద్దు కూడా ఉంది. మన గదిలో ఇలాంటి చదరాలు రెండు పడతాయి, మధ్యలో మీటరు ఎడంతో. అంటే పన్నెండు మందే. గోడల దగ్గర వదిలే మీటరుతో కలిపి చదరాలు ఐదు మీటర్ల వెడల్పంతా తీసుకుంటాయి కనుక మిగతా పన్నెండు మందికి పక్క పట్టీ మిగలదు. 24 మంది ఉన్న రోజున ఈ ఆట ఈ గదికి సరిపోదు. సగం మంది వేరే చోట ఉన్నప్పుడు మాత్రమే పెట్టుకోదగ్గది.

## ఆట చేయి దాటుతోందని ముందే తెలిసేది ఎలా

ఆగమనే సంకేతం ఒక్కటే ఉండాలి, దానికి ఇంకో అర్థం ఉండకూడదు. విజిల్‌తోనే మొదలుపెట్టి, విజిల్‌తోనే ఆపి, విజిల్‌తోనే తిట్టే చోట పిల్లలు దాన్ని వినడం మానేస్తారు. గట్టి గోడల మధ్య విజిల్ చెవులకు హింస కూడా. చేయి పైకెత్తి "ఆగు" అనడం చాలు. చేయి ఎత్తడం వినికిడి లోపం ఉన్న పిల్లలకూ కనబడుతుంది. కనబడ్డ ప్రతివాడూ తన చేయి ఎత్తాలన్న నియమం ఉంటే వీపు తిరిగి ఉన్నవాడికీ అది అందుతుంది.

ఆట మొదలవక ముందు ఈ సంకేతాన్ని నడక మీద మూడుసార్లు సాధన చేయించి, చేయి ఎత్తినప్పటి నుంచి చివరి పిల్లవాడు కదలకుండా నిలిచేదాకా మనసులో సెకన్లు లెక్కపెట్టండి. ఆట మధ్యలో కూడా అప్పుడప్పుడు అదే చేయండి. మొదట రెండు సెకన్లు పట్టిన చోట నాలుగు పడుతోందంటే దెబ్బ ఇంకా తగలలేదు గానీ దారిలో ఉంది. కారణం సాధారణంగా మూడింటిలో ఒకటి. నడక పరుగైపోయింది, దాన్ని పాదాలు చూసి గుర్తుపట్టవచ్చు. వరుసలో నిలబడ్డవాళ్లు గీత దాటి ముందుకు జరిగారు, అప్పుడు సంచి పెట్టే గుండ్రం వాళ్ల కాళ్ల మధ్యకు వచ్చి ఉంటుంది. లేదా పిల్లలు అలిసిపోయారు: తిరిగే గుర్తు చుట్టూ తిరగకుండా దాని ముందే మళ్లిపోతుంటారు. మొదటిదానికి గెలుపు లెక్క మార్చాలి, రెండోదానికి వరుస తగ్గించాలి లేదా గీత వెనక్కి జరపాలి, మూడోదానికి సగాలను కాస్త ముందుగానే మార్చేయాలి.